చేతులు వణికే పాప: మా ఐదో తరగతిలో నడుస్తున్న కథ

శారదా టీచర్ | జనవరి 21, రాత్రి 9:40

ఇక్కడ కథలు రాసేవాళ్లున్నారు, డాక్టర్లున్నారు, ఊరికే చదివి పోయేవాళ్లున్నారు. నాకు వీళ్లలో ఎవరు కావాలో నాకే తెలియక రాస్తున్నా.

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డు వైపు ఒక సర్కారు బడిలో ఐదో తరగతి చెబుతాను. పిల్లల తల్లుల్లో సగం మంది యార్డులోనో, కోల్డ్ స్టోరేజీల దగ్గరో మిర్చి తొడిమెలు తీసే పనికి పోతారు. మా క్లాసులో ఒక పాప ఉంది. పేరు మార్చి మల్లిక అంటాను. పదేళ్లు. కిటికీ పక్కన కూర్చుంటుంది. హాజరు పిలిస్తే అందరూ ‘ప్రెజెంట్ టీచర్’ అని అరుస్తారు, ఈమె చెయ్యి ఎత్తి వెంటనే దించేస్తుంది. బుద్ధిమంతురాలు, మాట తక్కువ అనుకుని ఊరుకున్నాను.

సంక్రాంతి సెలవుల తర్వాత ఉక్తలేఖనం రాయిస్తుంటే చూశాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాస్తోంది. పెన్సిల్ ముల్లు మూడుసార్లు విరిగింది. పుస్తకం తీసి చూస్తే పేజీ వెనకవైపు అక్షరాలు చేతికి తగిలేంత లోతుగా దిగి ఉన్నాయి. వణుకు కనపడకుండా ఉండాలని అంత గట్టిగా నొక్కుతోంది. అదే పుస్తకంలో డిసెంబరులో నేను ఎర్ర సిరాతో ‘దస్తూరి మెరుగుపరచుకో’ అని మూడుచోట్ల రాసి ఉన్నాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఇంకోటి చూశాను. మంచినీళ్లు సగం గ్లాసే పట్టుకుంటోంది. రెండోసారి లేచి మళ్లీ సగం. నిండా పడితే ఒలుకుతాయని.

తోటి పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ‘సైలెంట్ మోడ్’. శబ్దం రాదు, వణుకుతుంది కదా, అందుకట. నాకు ఈ పేరు తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

ఏం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

సిరిసిల్ల కథకుడు | జనవరి 21, రాత్రి 10:15

సగం గ్లాసు నీళ్లు చాలా బాగుంది మేడం. నా అభిప్రాయం చెప్పమంటే, కథ అక్కడే ఆపేయండి. ఎర్ర సిరా దగ్గర టీచర్ పశ్చాత్తాపం కొంచెం ఎక్కువైంది, పాఠకుడికి వదిలేస్తే సరిపోయేది. ‘సైలెంట్ మోడ్’ ముందే వస్తే ఇంకా పట్టు ఉండేది.

శారదా టీచర్ | జనవరి 21, రాత్రి 10:22

అన్నా, ఆపడానికి లేదు. రేపు పొద్దున తొమ్మిదికి ఆ పాప బడికి వస్తుంది.

పరకాల పద్మ | జనవరి 21, రాత్రి 10:50

రక్తం తక్కువై ఉంటుంది శారదా. మా పెద్దదానికి ఏడో తరగతిలో ఇట్లనే, మెట్లెక్కితే ఆయాసం, చేతులు చల్లగా, పట్టుకున్న వస్తువు జారేది. రక్తం ఎనిమిది ఉందన్నారు. బడిలో ఇచ్చే గులాబీ రంగు మాత్ర పిల్లలు నాలుక కింద పెట్టుకుని బయటికెళ్లి ఉమ్మేస్తారు, నీకు తెలుసు కదా. ముందు ఆ మాత్ర మింగుతుందో లేదో చూడు. పొద్దున ఏమీ తినకుండా వస్తుందేమో కూడా అడుగు.

కాజీపేట రిటైర్డ్ గార్డు | జనవరి 22, ఉదయం 5:30

నాకూ చేతులు వణుకుతాయి టీచరమ్మా. వయసు 66. మా నాయినకు ఉండేది, నాకు నలభై దాటినంక మొదలైంది. చాయ్ కప్పు సాసర్ మీద పెడితే టకటక మంటది, అందుకే గ్లాసులో తాగుతా. నలుగురు చూస్తుంటే ఎక్కువ, ఒక్కన్నే ఉంటే తక్కువ. బ్యాంకులో సంతకం సరిపోక రెండుసార్లు వాపస్ పంపిండ్రు. దీనికి మందు ఉందంటరా? నిమ్మరసం మంచిదని ఒకాయన చెప్పిండు, ఆరు నెలలు తాగిన, పంటి పుల్లదనం తప్ప ఏం రాలే.

నర్సంపేట వాసు | జనవరి 22, ఉదయం 7:05

ఇంత ఆలోచన దేనికి? చేతులు వణికే పిల్ల, నోరు మెదపని పిల్ల అంటే ఇంట్లో కొడుతున్నారని అర్థం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మీరు కథలు రాసుకుంటూ కూర్చుంటే అక్కడ పిల్ల దెబ్బలు తింటుంటుంది.

కరీంనగర్ పిల్లల డాక్టర్ | జనవరి 22, మధ్యాహ్నం 2:10

వాసు గారి భయం కొట్టిపారేసేది కాదు. ఒంటి మీద దెబ్బలు కనిపించినా, ఇంటికి పోవాలంటే పిల్ల భయపడుతున్నా, ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నా ఆలస్యం చేయకుండా 1098కి చెప్పాల్సిందే. అవేవీ లేకుండా ఒక్క వణుకుతోనే ఆ తీర్మానానికి రాకండి.

టీచర్ గారూ, నా దగ్గరికి పిల్లను తీసుకొస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ‘ఎందుకు వణుకుతోంది’ కాదు, ‘ఎప్పుడు వణుకుతోంది’. దానికి జవాబు రోజుకు ఏడు గంటలు చూసే మీ దగ్గర ఉంటుంది, పది నిమిషాలు చూసే నా దగ్గర ఉండదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే ఉన్నప్పుడు వణుకుతున్నాయా, చాచినప్పుడు, రాసేటప్పుడు మాత్రమేనా? పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? తిన్నాక తగ్గుతోందా? సెలవుల తర్వాతే మొదలైందా, ముందునుంచీ ఉందా?

ఒక సున్నితమైన పరీక్ష చెబుతా. కాగితం మీద మధ్యనుంచి బయటికి చుట్టలు చుట్టలుగా ఒక గీత గీయించండి. చెయ్యి కాగితానికి ఆనించకుండా గీయాలి. వణుకు ఉంటే గీతలో రంపం పళ్లలాంటి అలలు వస్తాయి. రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు. తేదీ, సమయం వేయండి. చేతులు చాచమని వేళ్ల మీద ఒక తెల్లకాగితం పెట్టినా, కంటికి కనపడని వణుకు కాగితం అంచులో కనిపిస్తుంది. ఇవేవీ ఆ పిల్లకు ఒక్కదానికే చేయించకండి.

గార్డు గారూ, నాన్నగారికి ఉండటం, పని చేసేటప్పుడే రావడం, జనంలో పెరగడం వింటుంటే ఇంటి వరసగా వచ్చే వణుకులాగే ఉంది. దానికి మందులున్నాయి. అయితే కొన్ని ఆయాసం ఉన్నవాళ్లకు పడవు, కాబట్టి నరాల డాక్టరుకు చూపించుకుని వాడండి. నిమ్మరసం ఆపేయొచ్చు.

శారదా టీచర్ | ఫిబ్రవరి 2, రాత్రి 9:15

ఆలస్యమైంది, క్షమించండి. పది రోజులు డాక్టర్ గారు చెప్పినట్టు చేశాను.

చుట్టల గీతకు మా క్లాసులో ‘జిలేబీ’ అని పేరు పెట్టాం. పొద్దున ప్రార్థన అయ్యాక ఒక జిలేబీ, సాయంత్రం బెల్లుకు ముందు ఒక జిలేబీ, ముప్పై ఒక్క మందీ గీయాలి. ఎవరి జిలేబీ గుండ్రంగా వస్తే వాళ్లది నోటీసు బోర్డు మీద అంటించాం. కాగితం ఆట కూడా అందరికీ. లెక్కల పీరియడ్‌లో నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టించాను. అది నా సొంత తెలివి. పిల్లలు తమ మణికట్టు తామే పట్టుకోలేక ఒకరిది ఒకరు పట్టుకున్నారు, దాంతో మల్లిక చెయ్యి నా చేతిలోకి రావడం ఎవరికీ వింతగా అనిపించలేదు.

మొదటి నాలుగు రోజులు పద్మక్క మాట మీద పొద్దునే ఒక అరటిపండు, పల్లి పట్టీ తినిపించాను. తేడా లేదు. ఇంట్లో అన్నం తినే వస్తోందట. దెబ్బల ఆనవాళ్లు ఏమీ లేవు, వాళ్ల నానమ్మ గేటు దగ్గరికి వస్తే పరుగెత్తుకుంటూ పోతుంది.

జిలేబీలన్నీ నేల మీద పరిచి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. పొద్దున పదింట్లో తొమ్మిది రంపం పళ్లే. సాయంత్రం పదింట్లో ఎనిమిది దాదాపు నున్నగా ఉన్నాయి. నాడి పొద్దున 9:30కి 126, సాయంత్రం 3:30కి 94. పొద్దున పాప కూర్చునే ఉంది, పరుగెత్తి రాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంటే వణుకు లేదు, చాచితే సన్నగా, వేగంగా ఉంది.

ఇంకోటి. జనవరి 29న పొద్దున జిలేబీ కూడా నున్నగా వచ్చింది. కానీ ఆ రోజు పాప మెట్ల దగ్గర ఆగిపోయింది. ఛాతీలో పిల్లి కూతలాంటి శబ్దం నాకే వినిపించింది.

కరీంనగర్ పిల్లల డాక్టర్ | ఫిబ్రవరి 2, రాత్రి 10:05

29వ తేదీ ఆ రోజే అసలు విషయం చెబుతోంది. వణుకు లేని రోజు ఆయాసం వచ్చింది, ఆయాసం లేని రోజుల్లో వణుకు ఉంది. ఇంట్లో పొద్దున ఏదో సిరప్ తాగిస్తున్నారా? వెళ్లి సీసా చూడండి. దాంతోపాటు ఏ చెంచాతో పోస్తున్నారో కూడా చూడండి.

శారదా టీచర్ | ఫిబ్రవరి 4, రాత్రి 8:50

నిన్న సాయంత్రం వెళ్లాను. ఒకే గది. తల్లి ఇంకా పని నుంచి రాలేదు, నానమ్మ ఉంది. కూర్చోబెట్టి చాయ్ పెట్టింది. జిలేబీల కాగితాలు చూపించి ‘మల్లిక బాగా గీస్తోంది’ అన్నాను. అబద్ధం కాదు, 29వ తేదీది నిజంగానే బాగుంది. ఫిర్యాదు చేయడానికి రాలేదని తెలిశాక ముసలమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది.

సీసా దేవుడి గూట్లో పసుపు కుంకుమల పక్కన ఉంది.

‘దమ్ము మందు టీచరమ్మా. పొద్దుగాల ఒక చెంచ, పండుకునేటప్పుడు ఒక చెంచ. గిది తాపకపోతే పొల్ల బడికే రాదు. మొన్న అయిపోయి ఒక్క పూట తాపలే, గంతే, దమ్ము లేసింది.’

రెండేళ్ల కింద ఒక ఆర్‌ఎంపీ రాసిచ్చాడట. దగ్గు వచ్చినప్పుడు 5 మి.లీ. అని. చీటీ పోయింది. అప్పటినుంచి ఖాళీ సీసా చూపించి కొత్తది తెచ్చుకుంటున్నారు. కొలిచే మూత కూడా ఎప్పుడో పోయింది. చెంచా అంటే ఇంట్లో ఉప్మా తినే స్టీలు చెంచా.

ఆ చెంచా అడిగి తీసుకొచ్చాను. మెడికల్ షాపులో సూది లేని సిరంజి కొని నీళ్లతో కొలిచాను. నిండా పోస్తే 12 మి.లీ. పట్టింది. సీసా మీద 5 మి.లీ.లో సాల్బ్యుటమాల్ 2 మి.గ్రా. అని ఉంది. ఐదో తరగతి లెక్కే కదా, ఒక చెంచాకు 4.8 మి.గ్రా.

మల్లిక గడప మీద కూర్చుని వింటోంది. నేను లేస్తుంటే మొదటిసారి తనంతట తాను నాతో మాట్లాడింది. ‘రాత్రి నిద్ర పట్టదు టీచర్. గుండె డబడబ అంటది.’

జమ్మికుంట మెడికల్ షాప్ | ఫిబ్రవరి 4, రాత్రి 9:30

అనుకున్నా. సాల్బ్యుటమాల్ చేతులు వణికిస్తుంది, గుండె దడ తెప్పిస్తుంది. కౌంటర్ దగ్గర రోజూ చూస్తాం. ఈ పాపకు అది పడలేదు, అలర్జీ. వెంటనే ఆపేయించండి. జన్మలో మళ్లీ ఆ మందు ఏ రూపంలోనూ ఇవ్వొద్దని పుస్తకంలో రాసిపెట్టమనండి.

కరీంనగర్ పిల్లల డాక్టర్ | ఫిబ్రవరి 4, రాత్రి 10:20

తమ్ముడూ, మొదటి సగం నిజం, రెండో సగం ప్రమాదం. ఇది అలర్జీ కాదు. ఆ మందు ఊపిరి గొట్టాల కండరాన్ని వదులు చేస్తుంది, అదే మందు చేతి కండరాలకు కూడా తగిలి వాటిని వణికిస్తుంది. మందు పని చేస్తోందనడానికి అది గుర్తే. ఎవరికైనా మోతాదు పెరిగితే వస్తుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు నోటి ద్వారా ఒకసారికి మామూలుగా 2 మి.గ్రా. ఇస్తారు. ఈ పాపకు దానికి రెండింతల పైన వెళ్తోంది. పొద్దున ఏడున్నరకు తాగితే అరగంటలో వణుకు మొదలై మధ్యాహ్నానికి దిగుతుంది. టీచర్ గారి జిలేబీలు చెప్పింది అదే.

టీచర్ గారూ, రేపు పొద్దున సీసా పారేయించకండి. చేతులు వణికితే పిల్ల చావదు, ఆయాసం ముదిరితే చావొచ్చు. డాక్టరుకు చూపించేదాకా కొలిచి 5 మి.లీ. మాత్రమే ఇవ్వమనండి. ఆ సిరంజి వాళ్ల దగ్గరే వదిలేయండి. ఈలోగా ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, పెదవులు నీలంగా మారినా 108కి ఫోన్ చేయడమే.

తర్వాత అడగాల్సింది పీల్చే మందు. తేడా ఎంతో చూడండి. స్ప్రే ఒక్కసారి నొక్కితే 100 మైక్రోగ్రాములు. రెండుసార్లు నొక్కినా 200. సిరప్ 5 మి.లీ. అంటే 2000. నోట్లో పోసింది ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు రావాలి, పీల్చింది నేరుగా అక్కడికే పోతుంది. అందుకే పదో వంతుతో పని జరుగుతుంది. కొందరికి దానికీ కాస్త వణుకు రావచ్చు, అది వేరే. పైగా రెండేళ్లుగా రోజూ ఆయాసం వస్తున్న పిల్లకు, వచ్చినప్పుడు తగ్గించే మందు ఒక్కటే సరిపోదు. రాకుండా ఆపే మందు రోజూ పీల్చాలి.

థైరాయిడ్, రక్తం పరీక్షలు కూడా ఒకసారి చేయిస్తారు. కారణం ఒకటి దొరికింది కదా అని రెండోది వెతకకుండా ఉండకూడదు.

పరకాల పద్మ | ఫిబ్రవరి 5, ఉదయం 6:40

స్ప్రే వద్దు శారదా. ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదు. మా ఆడబిడ్డ ఇరవై ఏళ్లుగా పర్సులో పెట్టుకునే తిరుగుతుంది. ఆడపిల్ల, రేపు పెళ్లప్పుడు అడిగితే ఏం చెబుతారు?

కరీంనగర్ పిల్లల డాక్టర్ | ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 1:45

పద్మ గారూ, మీ ఆడబిడ్డ గారు వదలనిది ఆయాసం, స్ప్రే కాదు. ఈ పాప కూడా రెండేళ్లుగా మందు వదల్లేదు, సీసాలో ఉంది కాబట్టి ఎవరూ అలవాటు అనలేదు. పెళ్లి సంగతి నా చేతుల్లో లేదు.

శారదా టీచర్ | ఫిబ్రవరి 12, రాత్రి 9:05

తల్లిని ఒప్పించడానికి వారం పట్టింది. సీజన్ మొదలైంది, ఒక రోజు పోతే కూలీ పోతుంది. పైగా పద్మక్క అన్న మాటే ఆమె కూడా అంది. నేను వాదించలేదు. పొద్దునవి, సాయంత్రానివి రెండు జిలేబీలు పక్కపక్కన పెట్టి, పైన టైము చూపించి, చెంచా ముందు పెట్టాను. చాలాసేపు చెంచాను చూసి ‘నేనే కొన్న ఈ చెంచ’ అంది. బుధవారం నేను సెలవు పెట్టి ఎంజీఎం ఆసుపత్రికి వెంట వెళ్లాను.

పిల్లల ఓపీలో డాక్టరమ్మ కాగితాలన్నీ చూసింది. జిలేబీ పేరు విని నవ్వి, మల్లికనే అడిగింది, ‘నీది బోర్డు మీద ఎక్కిందా?’ అని. మల్లిక తల ఊపింది, ఎక్కలేదన్నట్టు.

థైరాయిడ్ మామూలుగానే ఉంది. రక్తం 10.8. అంటే పద్మక్కా, నీ మాటా కొంత నిజమే, కాస్త తక్కువే ఉంది, ఐరన్ రాశారు. వణుక్కి కారణం మాత్రం అది కాదన్నారు. స్ప్రేలు రెండు ఇచ్చారు, రోజూ వాడేది ఒకటి, ఆయాసం వస్తే వాడేది ఒకటి. వాటికి ముందు తగిలించే ప్లాస్టిక్ గొట్టం కూడా. నేరుగా నోట్లో కొట్టుకుంటే మందు చాలావరకు గొంతులోనే పడుతుందట. గొట్టంలోకి కొట్టి నిదానంగా పీల్చి పది లెక్కపెట్టేదాకా ఊపిరి ఆపాలి, తర్వాత నోరు పుక్కిలించాలి. నర్సమ్మ మల్లికతో మూడుసార్లు చేయించింది. నానమ్మకు కూడా నేర్పమని నేనే అడిగాను.

నర్సంపేట వాసు | ఫిబ్రవరి 12, రాత్రి 9:50

నేను తొందరపడ్డాను మేడం. కానీ ఒకటి అడుగుతా. చీటీ లేకుండా రెండేళ్లు సీసాలు అమ్మినవాళ్లను, రాసిచ్చినాయన్ను ఎవరూ అడగరా?

జమ్మికుంట మెడికల్ షాప్ | ఫిబ్రవరి 12, రాత్రి 10:10

అడగొచ్చు. నన్నూ అడగండి. ఖాళీ సీసా పట్టుకుని ముసలమ్మ వచ్చి పిల్లకు దమ్ము అంటే, చీటీ తెమ్మని వెనక్కి పంపగలనా? పంపితే ఆ రాత్రి ఏమవుతుంది? డాక్టర్ గారు అలర్జీ కాదన్నది ఒప్పుకుంటున్నా. ఈరోజు నుంచి సిరప్ ఇచ్చేటప్పుడు మూత ఉందో లేదో చూసి ఇస్తున్నా, మూత లేకపోతే సిరంజి ఇస్తున్నా. నా చేతిలో ఉన్నది ఇంతే.

శారదా టీచర్ | ఫిబ్రవరి 23, రాత్రి 8:30

సిరప్ ఆపిన రెండో రోజే పొద్దున జిలేబీ నున్నగా వచ్చింది. నాడి 90 దగ్గర ఉంటోంది. నిద్ర పడుతోందట. మణికట్టు పట్టుకోవడం మాత్రం వెంటనే మానలేదు. చెయ్యి వణకకపోయినా పట్టుకునే రాసేది, అలవాటు అయిపోయింది. నేను వద్దనలేదు. ఎడమ చేతికి వేరే పని ఇచ్చాను, పుస్తకం కింద జారకుండా ఒక స్కేలు పట్టుకోమని. ఆరో రోజుకి మణికట్టు వదిలేసింది. రాత పీరియడ్ కూడా పొద్దున నుంచి అన్నం తర్వాతకు మార్చాను, అది ఇంక అవసరం లేదేమో గానీ అలాగే ఉంచాను.

ఎర్ర సిరా రాతలున్న పుస్తకం అయిపోకముందే కొత్తది ఇచ్చాను. పాతది నా బల్ల సొరుగులో ఉంది.

రెండు విషయాలు తెగలేదు. నిలబడి గట్టిగా చదవమంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి, పుస్తకం అంచు కదులుతుంది. కూర్చుని చదివితే వణకవు. రెండోది, ఆదివారం తల్లితో పాటు తొడిమెలు తీయడానికి పోతోంది. సోమవారం పొద్దున ఛాతీలో మళ్లీ కూత.

కరీంనగర్ పిల్లల డాక్టర్ | ఫిబ్రవరి 23, రాత్రి 10:40

మొదటిది మందుది కాదు, భయానిది అనుకుంటున్నా. రెండేళ్లు అందరూ చేతులే చూస్తారని భయపడిన పిల్ల కదా. కూర్చునే చదవనివ్వండి. అయితే వేసవి తర్వాత కూడా అలాగే ఉంటే, లేదా కూర్చున్నప్పుడూ మొదలైతే మళ్లీ చూపించండి. అప్పుడు రాగి శరీరంలో పేరుకునే జబ్బులాంటి అరుదైనవి కూడా చూడాల్సి వస్తుంది. ఇప్పుడు దాని గురించి ఇంట్లో చెప్పి భయపెట్టకండి.

రెండోదానికి నా దగ్గర మందు లేదు. మిర్చి ఘాటు ఊపిరి గొట్టాలను రేపుతూ ఉంటే ఏ స్ప్రే అయినా సగమే పని చేస్తుంది. పిల్ల వెళ్లకూడదు. తల్లి కూడా పని నుంచి వచ్చి చీర మార్చుకున్నాకే పిల్లను దగ్గరికి తీసుకోవాలి.

పరకాల పద్మ | ఫిబ్రవరి 24, ఉదయం 6:15

చీర మార్చుకోవడం చెప్పినంత సులువు కాదు డాక్టర్ గారూ. ఒక్క గదిలో ఎక్కడ మార్చుకుంటుంది? మా చిన్నమ్మ తొడిమెలకు పోయేది. వాకిట్లో తడిక చాటున ఒక పాత నైటీ వేలాడదీసుకునేది, పని చీర అక్కడే విప్పి బకెట్‌లో ముంచి లోపలికి వచ్చేది. అట్ల చెప్పు శారదా. ఆదివారం పిల్ల ఎందుకు పోతుందో అడిగినవా? ఇంట్లో చూసేవాళ్లు లేక కాదు, నానమ్మ ఉంది కదా.

శారదా టీచర్ | ఫిబ్రవరి 25, రాత్రి 9:00

అడిగాను పద్మక్కా. డబ్బు కోసం కాదట. అక్కడ అమ్మ పక్కన కూర్చుంటే ఎవరూ మాట్లాడమని అడగరట. తొడిమె తీసేటప్పుడు అందరి చేతులూ కదులుతూనే ఉంటాయి కాబట్టి వణుకు ఎవరికీ కనపడేది కాదట.

దీనికి నేను ఏం చెప్పలేకపోయాను. ఈ ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను, మా అత్తయ్య పూలు కట్టడం నేర్పుతానంది.

సిరిసిల్ల కథకుడు | ఫిబ్రవరి 25, రాత్రి 9:45

మేడం, మొదటి రోజు సగం గ్లాసు దగ్గర ఆపేయమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. చెంచా వచ్చాక కథే మారిపోయింది.

కాజీపేట రిటైర్డ్ గార్డు | ఫిబ్రవరి 26, ఉదయం 5:20

టీచరమ్మా, నేను కూడా జిలేబీ గీసిన. రంపం కాదు, గొర్రు పళ్లు. హన్మకొండల నరాల డాక్టర్‌కు చూపెడితే ఫైల్ల పెట్టుకున్నడు. మాత్ర రాసిండు, ముందుగాల ఆయాసం ఉందా అని అడిగిండు, మన డాక్టర్ సాబ్ చెప్పినట్టే. వారం అయితుంది. సంతకం ఇంకా సరిగ్గ రాలే గాని చాయ్ కప్పులో తాగిన.

ఒక అనుమానం. ఆ స్ప్రే అయిపోయిందని ఎట్ల తెలుస్తది? మా ఇంటి ఓనరుది ఊపితే చప్పుడైతది, కొడితే గాలి ఒస్తది, మందు రాదు.

జమ్మికుంట మెడికల్ షాప్ | ఫిబ్రవరి 26, ఉదయం 8:10

మంచి ప్రశ్న పెద్దాయనా. ఊపి చూడటం నమ్మొద్దు, మందు అయిపోయినా లోపల గ్యాస్ మిగిలి చప్పుడు వస్తుంది. డబ్బా మీద ఎన్నిసార్లకు సరిపోతుందో రాసి ఉంటుంది, చాలావాటికి 200. రోజుకు రెండు పూటలా రెండేసి నొక్కితే 50 రోజులు. మొదలుపెట్టిన తేదీ, అయిపోయే తేదీ రెండూ డబ్బా మీదే రాసేయాలి. కొన్నింటికి వెనక అంకెలు తిరుగుతాయి, అవైతే గొడవ లేదు.

శారదా టీచర్ | ఫిబ్రవరి 27, రాత్రి 8:15

రోజూ వాడే స్ప్రేకి తేదీలు రాయించాను. స్కెచ్ పెన్ను ఇచ్చి మల్లికనే రాయమన్నాను. ఏప్రిల్ 1 దగ్గర అంకె వంకర పోయింది. చెయ్యి వణికిందేమోనని నేను చూస్తుంటే, ‘డబ్బా గుండ్రంగ ఉంది కద టీచర్’ అంది.